ఐసీయూ కొత్త షిఫ్టుల పట్టిక: స్టాఫ్ అడిగిన ప్రశ్నలు, నా జవాబులు

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మన పది పడకల ఐసీయూలో నర్సింగ్ షిఫ్టులు మారుతున్నాయి. రెండు వారాలుగా సిస్టర్లు టీ టైమ్‌లో, హాస్టల్లో, నా గదిలో అడిగినవన్నీ ఒకచోట రాస్తున్నాను. కొన్ని మర్యాదగా అడిగారు, కొన్ని కోపంగా అడిగారు. రెంటికీ ఒకేలా జవాబు చెప్పే ప్రయత్నం చేశాను.

అసలు ఏం మారుతోంది?

ఇప్పటివరకు ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. ఒక్కో షిఫ్టు వారం రోజులు, అందులో ఆరు డ్యూటీలు, ఒక ఆఫ్.

ఇకమీదట మార్నింగ్ 7 నుంచి 2:30, ఈవెనింగ్ 2 నుంచి 9:30, నైట్ 9 నుంచి పొద్దున 7:30. ప్రతి షిఫ్టు చివరి అరగంటలో పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఐసీయూ సిస్టర్లంతా నాలుగు టీములు. ఒక్కో టీముకు రెండు మార్నింగులు, రెండు ఈవెనింగులు, రెండు నైట్లు, ఆ తర్వాత రెండు ఆఫ్‌లు. ఎనిమిది రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది.

ఎ టీము సంగతి చూడండి. 1, 2 తేదీల్లో మార్నింగ్. 3, 4 తేదీల్లో ఈవెనింగ్. 5, 6 తేదీల రాత్రులు నైట్. 7, 8 ఆఫ్. 9న మళ్లీ మార్నింగ్. అదే 1వ తేదీన బి టీము ఈవెనింగ్‌లో, సి టీము నైట్‌లో ఉంటాయి, డి టీముకు ఆఫ్.

ఇన్నేళ్లుగా 8 గంటలకే మారుతున్నాం కదా, ఇప్పుడు 7 ఎందుకు? పొద్దున్నే లేచి వంట ఎప్పుడు చేసుకోవాలి?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగింది ఇదే. ఈ మార్పుకు అసలు కారణం కూడా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పొద్దున 8 గంటలకు ఐసీయూలో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ఒకపక్క టిఫిన్ ట్రాలీ, దానికి ముందే ఇవ్వాల్సిన ఇన్సులిన్. పోర్టబుల్ ఎక్స్‌రే వస్తుంది. డాక్టర్లు రౌండ్స్ మొదలుపెడతారు. రోగి బంధువులు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. వీటన్నిటి మీద, రోజుకు రెండుసార్లు ఇచ్చే మందుల టైమ్ కూడా 8 – 8. అంటే పొద్దున 8, రాత్రి 8. సరిగ్గా ఆ నిమిషానికే మనం చేతులు మారుతున్నాం.

ఒక పడక తీసుకుందాం. రక్తం గడ్డకట్టకుండా ఎనోక్సాపరిన్ ఇంజెక్షన్ పొద్దున 8, రాత్రి 8. నైట్ సిస్టర్ 7:50కి ఇచ్చేసింది. సంతకం పెట్టబోతుండగా పక్క పడకలో మానిటర్ అలారం మోగింది, అటు పరుగెత్తింది. 8 దాటాక మార్నింగ్ సిస్టర్ చార్ట్ చూసింది. గడి ఖాళీ. ఇవ్వలేదనుకుని ఇచ్చింది. ఇప్పుడా రోగికి రెండు డోసులు పడ్డాయి, రక్తస్రావం ప్రమాదం. దీనికి తిరగబడ్డ కేసు కంటికి ఇంకా తక్కువగా కనిపిస్తుంది. నైట్ సిస్టర్ ‘8 గంటలది వాళ్లు ఇస్తారులే’ అనుకుంటుంది, మార్నింగ్ సిస్టర్ ‘8 గంటలది వాళ్లు ఇచ్చే ఉంటారు’ అనుకుంటుంది. డోసే పడదు. ఇలా జరగడానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు, గడియారం చాలు.

అందుకే హ్యాండోవర్‌ను మందుల టైమ్‌ల మధ్య నుంచి తప్పించాం. పొద్దున 7 – 7:30లో గానీ, రాత్రి 9 – 9:30లో గానీ పెద్ద మందుల రౌండ్ ఏదీ లేదు. 8 గంటల డోసు ఇకమీదట పొద్దున మార్నింగ్ సిస్టర్‌ది, రాత్రి ఈవెనింగ్ సిస్టర్‌ది. సందేహానికి తావు లేదు.

మధ్యాహ్నం మాత్రం తప్పించలేకపోయాం. రోజుకు మూడుసార్లు ఇచ్చే మందులు 6 – 2 – 10 కాబట్టి 2 గంటల డోసు హ్యాండోవర్ మీదే పడుతుంది. దానికి నియమం ఒక్కటే. 2 గంటల మందు మార్నింగ్ సిస్టరే పావుతక్కువ రెండుకు మొదలుపెట్టి, సంతకం పెట్టాకే పడక అప్పగించాలి. ఆలస్యమైతే అప్పగింత ఆగాలి గానీ, మందు చేతులు మారకూడదు.

ఇక వంట సంగతి. మొదట మేం రాసుకున్న టైమ్ 6:30. మీరు చెప్పాక 7కు మార్చాం. ఇంకా వెనక్కి జరిపితే ఇన్సులిన్, టిఫిన్ మీదకు వచ్చేస్తుంది. మార్నింగ్ టీముకు 9 గంటల తర్వాత వంతులవారీగా క్యాంటీన్ టిఫిన్ ఆస్పత్రి ఖర్చు మీద పెడుతున్నాం. ఇది పిల్లల క్యారేజీ సమస్యను తీర్చదని నాకూ తెలుసు. ఎనిమిది రోజుల్లో రెండు రోజులే ఆ హడావిడి ఉంటుందన్నది ఒక్కటే వెసులుబాటు.

అరగంట హ్యాండోవర్ అంటే ఏం చేయాలి? పది నిమిషాల్లో అయిపోతుంది కదా.

నర్స్ స్టేషన్ దగ్గర కూర్చుని చదివితే పది నిమిషాలే. పడక దగ్గర నిలబడి చేస్తే ఒక్కో రోగికి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. ఒక్కో సిస్టర్‌కు ఇద్దరు రోగులు కాబట్టి పాతిక నిమిషాలు.

పడక దగ్గర చూడాల్సింది కాగితం మీద కనిపించదు. ఉదాహరణకు నారడ్రినలిన్ పంపు. చార్టులో ‘గంటకు 5 ఎం.ఎల్.’ అని ఉంటుంది. సిరంజిలో ఎంత మిగిలిందో పంపు చూస్తేనే తెలుస్తుంది. 7:15కు 10 ఎం.ఎల్. మిగిలి ఉంటే 9:15కు అయిపోతుంది. అంటే 9లోపు రెండో సిరంజి సిద్ధంగా ఉండాలి. ఈ మాట చెప్పకుండా వెళ్తే 9:15కు రోగి బీపీ పడిపోతుంది, అప్పటికి కొత్త సిస్టర్ రౌండ్స్‌లో ఉంటుంది. అందుకని పంపులో మిగిలింది, ట్యూబులూ లైన్ల పరిస్థితి, రాత్రి నుంచి వచ్చిన యూరిన్, ఇంకా రావాల్సిన ల్యాబ్ రిపోర్టులు, డాక్టరుకు చెప్పినా జవాబు రాని విషయం ఇద్దరూ కలిసి చూసుకుని, ఇద్దరూ సంతకం పెట్టాలి. నార్కోటిక్ రిజిస్టర్ లెక్క కూడా అప్పుడే.

నైట్లు నెలంతా ఒకేసారి వేస్తే శరీరం అలవాటు పడుతుంది కదా? రెండేసి రోజులకు మారితే ఏ నిద్రకూ అలవాటు పడం.

ఇది సీనియర్ సిస్టర్లు అడిగారు, నేను కూడా కొన్నాళ్లు అలాగే అనుకునేవాణ్ణి. అలవాటు పడటం అనేది మనకు అనిపించినంత నిజం కాదు. నైట్ అయ్యాక ఇంటికి వెళ్తూ ఎండ మొహాన పడుతుంది. లోపలి గడియారానికి అదే పెద్ద సిగ్నల్, ‘తెల్లారింది, లే’ అని. పైగా ఆఫ్ రోజున పిల్లలతో, ఇంట్లోవాళ్లతో పగలే మెలకువగా ఉంటాం. అంటే సగం జరిగిన గడియారం మళ్లీ వెనక్కి వస్తుంది. ఆరు నైట్ల తర్వాత చాలామంది పూర్తిగా అలవాటు పడి ఉండరు, నిద్ర బాకీ మాత్రం ఆరు రోజులది పేరుకుని ఉంటుంది. రెండు నైట్లతో ఆపేస్తే బాకీ రెండు రోజులదే, గడియారం కూడా పెద్దగా కదలదు.

మార్నింగ్ నుంచి ఈవెనింగ్, ఈవెనింగ్ నుంచి నైట్ అనే వరస కూడా ఊరికే పెట్టలేదు. మనిషి లోపలి రోజు సగటున 24 గంటల కన్నా కొంచెం పొడవు, పది నిమిషాలకు అటూ ఇటుగా. అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, తొందరగా పడుకోవడం కష్టం. పాత పట్టికలో నైట్ నుంచి ఈవెనింగ్‌కు, అక్కడి నుంచి మార్నింగ్‌కు వచ్చేవాళ్లం, అంటే ఏటికి ఎదురీతే.

12 గంటల చొప్పున రెండే షిఫ్టులు పెట్టి ఆఫ్‌లు ఎక్కువ ఇవ్వొచ్చు కదా? ఇబ్రహీంపట్నం నుంచి, కంకిపాడు నుంచి రోజూ తిరగలేకపోతున్నాం.

దూరం నుంచి వచ్చేవాళ్లకు అది లాభమే, కాదనను. ఇబ్బంది ఎక్కడంటే, 12 గంటల షిఫ్టు 12 గంటలకు ముగియదు. హ్యాండోవర్, రాయాల్సిన నోట్సు కలిపితే పన్నెండున్నర, పదమూడు అవుతుంది. మన పంచింగ్ రికార్డుల్లో నైట్ సిస్టర్లు 8:45కు వెళ్లడం మామూలు విషయం. 2004లో అమెరికాలో ఆస్పత్రి నర్సుల డ్యూటీ డైరీలతో చేసిన ఒక అధ్యయనంలో, పన్నెండున్నర గంటలు, ఆపైన పనిచేసిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు ఉందని తేలింది. మనది సరిగ్గా ఆ గీత దగ్గర నడుస్తున్న నైట్.

మరి పదిన్నర గంటల నైట్ మాత్రం చిన్నదా?

చిన్నది కాదు. తక్కువ చెడ్డది, అంతే. మూడు షిఫ్టులూ ఎనిమిదిన్నర గంటల చొప్పున సమంగా చేస్తే ఈవెనింగ్ టీము ఇంటికి వెళ్లేది పదకొండు దాటాక. ఆ టైమ్‌లో బయటికి వెళ్లడం ఎవరికీ ఇష్టం లేదని ముగ్గురు ఇన్‌చార్జ్ సిస్టర్లూ చెప్పారు.

నైట్లో అసలు ప్రమాదం షిఫ్టు పొడవు ఒక్కటే కాదు, ఎంతసేపటి నుంచి మెలకువగా ఉన్నామన్నది కూడా. మొదటి నైట్ రోజు పొద్దున 7కు లేచి, పగలు పడుకోకుండా డ్యూటీకి వస్తే మర్నాడు 7:30కు ఇరవై నాలుగున్నర గంటలు అవుతుంది. 17 గంటల మెలకువ తర్వాత చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. మన దేశంలో బండి నడపడానికి పరిమితి 0.03. అంటే అర్ధరాత్రికే ఆ గీత దాటేస్తున్నాం, తర్వాత ఇన్‌ఫ్యూజన్ లెక్కలు వేస్తున్నాం, ఆపైన స్కూటీ మీద కనకదుర్గ వారధి ఎక్కుతున్నాం.

కాబట్టి రెండు పనులు. మొదటి నైట్‌కు ముందు మధ్యాహ్నం గంటన్నర అయినా పడుకుని రండి. డ్యూటీలో ఉన్నవాళ్లకు రాత్రి 1 నుంచి 4 మధ్యలో వంతులవారీగా అరగంట విశ్రాంతి, దాన్ని అధికారికంగా రోస్టర్‌లోనే రాస్తాం. ఇకమీదట దొంగచాటుగా తల వాల్చుకోవాల్సిన పని లేదు. గదిలో మంచం, అలారం పెడుతున్నాం. అరగంట దాటితే గాఢ నిద్రలోకి జారుకుంటాం, అప్పుడు లేపితే కాసేపు మత్తుగా ఉంటుంది. అందుకే లేచాక పదిహేను నిమిషాలు మందులు కలపొద్దు, లెక్కలు వేయొద్దు. మీ ఇద్దరు రోగులను ఆ కాసేపు ఎవరు చూస్తారో పేరుతో సహా రాసి ఉండాలి. ఎవరూ ఖాళీగా లేని రాత్రి విశ్రాంతి ఉండదు, అప్పుడు ఇన్‌చార్జ్ ఆ మాట రిజిస్టర్‌లో రాయాలి. అలాంటి రాత్రులు ఎక్కువైతే మనుషులు తక్కువ ఉన్నారని నాకు అర్థమవుతుంది.

గంటలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా?

తగ్గుతున్నాయి. పాత పద్ధతిలో మూడు వారాలకు 36, 36, 72 గంటలు. సగటు వారానికి 48. కొత్త పద్ధతిలో ఎనిమిది రోజులకు నాలుగు ఏడున్నరలు, రెండు పదిన్నరలు కలిపి 51 గంటలు. వారానికి లెక్కేస్తే 45 లోపే. పాత లెక్కలో హ్యాండోవర్ ఆలస్యం కలవలేదు, కొత్త లెక్కలో కలిసింది.

ఇది ఊరికే రాదు. షిఫ్టుకు ఐదుగురు చొప్పున పాత పద్ధతికి 18 మంది సరిపోయేవారు, కొత్తదానికి 20 మంది కావాలి. ఆ ఇద్దరూ చేరారు. సెలవుల కోసం మరో నలుగురు రిలీవర్లు ఉంటారు. వాళ్లలో ఇద్దరు ఇంకా ఐసీయూ ట్రైనింగ్‌లో ఉన్నారు. వాళ్ల ట్రైనింగ్ పూర్తి కాకపోతే ఒకటో తేదీ కాస్త వెనక్కి జరుగుతుంది గానీ, తక్కువ మందితో మాత్రం మొదలుపెట్టం.

రెండు ఆఫ్‌లు అంటున్నారు, మొదటి ఆఫ్ నిద్రకే పోతుంది కదా?

నిజమే. 7వ తేదీ పొద్దున 7:30కు దిగి, 9వ తేదీ 7కు ఎక్కుతారు, నలభై ఏడున్నర గంటలు. కాగితం మీద రెండు, చేతికి వచ్చేది ఒకటిన్నర.

డబుల్ డ్యూటీలు ఆపేస్తే మా ఈఎంఐలు ఎవరు కడతారు?

ఈ ప్రశ్న అడిగిన సిస్టర్ నవ్వుతూనే అడిగింది గానీ, వెనక ఉన్నది నవ్వే విషయం కాదు. కొంతమందికి డబుల్ డ్యూటీ డబ్బు మీదే ఇంటి లెక్క నడుస్తోంది.

ఈవెనింగ్ మీద నైట్ కలిపితే పాత టైమింగ్స్‌లో 18 గంటలు, కొత్త టైమింగ్స్‌లో పదిహేడున్నర. దానికి నేను ఒప్పుకోలేను. బదులుగా రెండో ఆఫ్ రోజున, అంటే ఎ టీముకు 8న, నెలకు ఒక మార్నింగ్ చేసుకోవచ్చు, ఓవర్‌టైమ్ రేటుకు. ఆ రోజు ఈవెనింగ్ మాత్రం ఇవ్వం, ఎందుకంటే 9:30కు దిగి మర్నాడు 7కు రావాలి. డబుల్స్‌తో వచ్చేదంతా దీనితో పూడదు.

నైట్ అలవెన్సు విషయం వేరు. పాత పద్ధతిలో నెలకు సగటున ఎనిమిదిన్నర నైట్లు, ఇప్పుడు ఏడున్నర. రేటు అలాగే ఉంచితే చేతికి తక్కువ వస్తుంది. కాబట్టి నెల మొత్తం తగ్గకుండా ఒక్కో నైట్ రేటు పెంచాం. ఎంతన్నది జీతాల సెక్షన్ విడిగా ఇచ్చే కాగితంలో ఉంటుంది.

ఆదివారం చర్చికి ఎలా వెళ్లాలి?

ఎనిమిది రోజుల చుట్టు కాబట్టి ఆఫ్ ప్రతిసారీ వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. ఎనిమిది ఆదివారాలు తీసుకుంటే రెండింటిలో మార్నింగ్ డ్యూటీ, రెండింటిలో ఈవెనింగ్, రెండింటిలో నైట్, రెండు ఆఫ్. పొద్దున ఆరాధన తప్పేది మార్నింగ్ ఉన్న ఆ రెండే. మరో రెండు ఆదివారాలు నైట్ దిగి వచ్చిన పొద్దున అవుతాయి, వెళ్లగలరు గానీ పడుకోవడమే మంచిది. మిగతా నాలుగూ ఖాళీ. తప్పే రెంటికీ మార్పిడి చేసుకోండి. గుణదల మాత ఉత్సవాలకూ, దసరా మూలా నక్షత్రం రోజుకూ, సంక్రాంతికీ నెల ముందే పేర్లు ఇవ్వండి.

డ్యూటీ మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. ఇద్దరూ సంతకం పెట్టి ఇన్‌చార్జ్‌కు ఇవ్వాలి. ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య 11 గంటలు ఉండాలి, వరసగా మూడో నైట్ రాకూడదు. వాట్సాప్‌లో మాట్లాడుకుని నేరుగా వచ్చేయడం కుదరదు.

గర్భిణులు, చిన్న పిల్లల తల్లులు?

గర్భిణులకు చెప్పినప్పటి నుంచి నైట్లు ఉండవు. ప్రసూతి సెలవు నుంచి వచ్చాక ఆరు నెలలు కూడా ఉండవు. ఆ తర్వాత అందరితో పాటే. ‘నాకు ఎప్పటికీ మార్నింగే కావాలి’ అని ఐదుగురు అడిగారు. ఒక్కరికి ఇస్తే ఆమె నైట్లు టీములోని మిగతా నలుగురి మీద పడతాయి, అందుకే ఇవ్వలేదు.

హాస్టల్ గదిలో ఒకరు నైట్ చేసి పడుకుంటే ఇంకొకరు మిక్సీ వేస్తారు. దానికేం చేస్తారు?

ఇది నాకు తట్టని విషయం, హాస్టల్ సిస్టర్లే చెప్పారు. ఇకమీదట గదులు టీములవారీగా ఇస్తాం. ఒకే గదిలో అందరూ ఒకేసారి నైట్, ఒకేసారి ఆఫ్. కిటికీలకు మందపాటి నల్ల తెరలు పెడుతున్నాం. మే నెలలో మన ఊళ్లో పగలు నిద్ర అంటే ఏమిటో తెలుసు కాబట్టి, ఎండాకాలం లోపు నైట్ గదులకు ఏసీ, జనరేటర్ లైన్ ఇస్తామని మేనేజ్‌మెంట్ ఒప్పుకుంది. ఇంటి నుంచి వచ్చేవాళ్లు నైట్ దిగి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, నిద్ర కొంచెం త్వరగా పడుతుంది. ఎండ కంట్లో పడకపోతే చాలు. కళ్లు మూతలు పడుతుంటే మాత్రం అద్దాలు వద్దు, బండి కూడా వద్దు. వ్యాన్ ఎక్కండి.

రాత్రి 9:30కు వెళ్లడం ఎలా?

9:40కి రెండు వ్యాన్లు. ఒకటి బెంజ్ సర్కిల్ మీదుగా రామవరప్పాడు, గన్నవరం వైపు. ఇంకొకటి బస్టాండ్ దగ్గర ఆగి వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి వరకు. అవే వ్యాన్లు పొద్దున 7:40కి నైట్ టీమును దింపుతాయి. ఇబ్రహీంపట్నం వైపు నలుగురే ఉన్నారు, ప్రస్తుతానికి వాళ్లకు ఆటో డబ్బు ఇస్తాం.

డ్యూటీ డాక్టర్లకు, వార్డులకు, ల్యాబ్‌కు కూడా ఇదేనా?

ఇప్పటికి ఐసీయూ నర్సింగ్ ఒక్కటే.

మూడు నెలల తర్వాత బాగాలేదని తేలితే?

మూడు విషయాలు చూస్తాం. చార్టులో రెండుసార్లు పడిన డోసులు, తప్పిన డోసులు. షిఫ్టు అయ్యాక పావుగంట దాటి పంచ్ చేసినవాళ్ల సంఖ్య. రెండో నైట్ రోజున పెట్టిన సిక్ లీవులు. మొదటిది తగ్గకపోతే టైమ్ మార్చిన ప్రయోజనమే లేదు, పాత టైమ్‌కు వెళ్లడానికి నాకు మొహమాటం లేదు. రెండోది పెరిగితే అరగంట హ్యాండోవర్ చాలట్లేదని. మూడోది పెరిగితే రెండు నైట్ల మధ్య పగటి నిద్ర దొరకట్లేదని. అప్పుడు హాస్టల్, వ్యాన్ టైమ్ దగ్గర వెతుకుతాం. ఈ లెక్కలు ప్రతి నెలా ఐసీయూ నోటీసు బోర్డులో పెడతాం, పేర్లు లేకుండా. డోసు తప్పిందని రాసినందుకు మెమో ఉండదు. మెమో ఇస్తే రాయడం మానేస్తారు, అప్పుడు ఆ అంకెను నమ్మలేం.

అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పాలి?

ప్రతి బుధవారం మధ్యాహ్నం 2:45కు కాన్ఫరెన్స్ హాల్లో నేనూ, నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ కూర్చుంటాం. మార్నింగ్ దిగినవాళ్లు అలాగే రావచ్చు. పేరు లేకుండా చెప్పాలంటే హాస్టల్ మెస్ దగ్గర పెట్టె ఉంది, తాళం సూపరింటెండెంట్ దగ్గర.

2024లో లాగా బుడమేరు మళ్లీ పొంగితే? అప్పుడు కూడా డబుల్ డ్యూటీ లేదంటారా?

అప్పుడు సింగ్‌నగర్ వైపు ఉన్నవాళ్లు ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేకపోయారు. రాని టీము పని ఉన్న టీము చేయాల్సిందే, ఏ పట్టికా ఆగదు. అలాంటి రోజున నిషేధం ఎత్తేసే అధికారం సూపరింటెండెంట్ మేడమ్‌కు ఉంటుంది, రాతపూర్వకంగా, 24 గంటలకు మాత్రమే. ఆగిపోయిన సిస్టర్‌కు నాలుగు గంటలు నిద్ర ఇచ్చాకే రెండో షిఫ్టు ఎక్కించాలి. అప్పటివరకు హాస్టల్లో ఉన్న ఆఫ్ టీమును ముందు పిలుస్తాం. హాస్టల్ వాళ్ల మీదే భారం పడుతుందని మీరు అనకముందే చెబుతున్నాను, అలా పిలిచిన ప్రతి డ్యూటీకి పూర్తి ఆఫ్ తిరిగి ఇస్తాం, పదిహేను రోజుల్లోపు.